కథ చిత్తుప్రతి: పింఛను మెసేజీల్లో తప్పిపోయిన నెల. వివరాలు సరిచూసి పెట్టండి

మల్లెతీగ (చర్చ మొదలుపెట్టినవారు)

చిన్న కథ ఒకటి రాస్తున్నాను. చిలకలూరిపేటలో నూలు మిల్లులో పనిచేసి రిటైరైన తండ్రి, వయసు 72. మిల్లు ఉద్యోగంలోని పీఎఫ్ తరఫున వచ్చే ఈపీఎస్ పింఛను నెలకు 2,146 రూపాయలు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు రాదు. ఫోనులో మెసేజీ మోగితే ఇన్నాళ్లూ కొడుకు చదివి చెప్పేవాడు. ఇప్పుడు మనవరాలు నేర్పుతోంది. ఒక నెల డబ్బు పడలేదని ఇంట్లో అందరికంటే ముందు ఆయనే పట్టుకుంటాడు. కథంతా ఆ పట్టుకోవడం మీదే.

ఇప్పటికి రాసింది ఇది:

"జూలై ఒకటో తారీకు పొద్దున్నే వీరయ్య ఫోను తీశాడు. మే నెల పింఛను జమ అయినట్టు మెసేజీ ఉంది. జూన్ నెలది లేదు. మళ్లీ పైనుంచి కిందికి చూశాడు. లేదు. 'ఒరే, నా జూన్ నెల ఏమైందిరా?' అన్నాడు. కొడుకు ఫోను లాక్కుని చూసి తెల్లబోయాడు."

ఇది తేలిపోతోందని నాకే తెలుస్తోంది. నిజంగా ఆయన కంటికి కనబడేది ఏమిటి? ఒక్క నెల మాత్రం ఎందుకు తప్పిపోతుంది? "పైవాళ్లు మర్చిపోయారు" అని రాస్తే చదివేవాళ్లు నవ్వుతారు. తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపాస్‌బుక్

బ్యాంకు కౌంటర్లో చాలాకాలం కూర్చున్నవాణ్ని కాబట్టి మొదటి ప్రశ్నకు చెబుతాను. మీ పేరాలో అసలు తప్పు "మే నెల పింఛను జమ అయినట్టు మెసేజీ" అన్న మాటలో ఉంది. అలాంటి మెసేజీ సాధారణంగా రాదు. బ్యాంకు పంపేది ఇలా ఉంటుంది:

```
A/c XX4417 credited Rs.2146.00 on 30-05-25. Avl Bal Rs.5120.00
```

ఇందులో పింఛను అన్న మాట లేదు, ఏ నెలదో లేదు. ఉన్నవి ఐదే: ఖాతా చివరి అంకెలు, పడిందో పోయిందో చెప్పే మాట, మొత్తం, తేదీ. చివర ఖాతాలో మిగిలినది. బ్యాంకును బట్టి ఈ వరస మారుతుంది, కొన్నిటిలో ఎవరు పంపారో తెలిపే పొట్టి అక్షరాలు కూడా ఉంటాయి. భాష ఎంచుకోనిచ్చే బ్యాంకులు ఉన్నా, పెద్దవాళ్లలో ఎక్కువమందికి వచ్చేది ఇంగ్లీషులోనే. కాబట్టి మీ వీరయ్య "జూన్ నెలది లేదు" అని చదవలేడు. తేదీ చూసి, మొత్తం చూసి, ఇది ఫలానా నెలది అని తనే లెక్క కట్టుకోవాలి. అదే మీ కథకు ముడిసరుకు.

ఇంకోటి. ఈపీఎస్ పింఛనుకు డీఏ ఉండదు. గవర్నమెంటు పింఛనుదారులకైతే ఏడాదికి రెండుసార్లు మొత్తం మారుతుంది. ఈయనకు ఏళ్ల తరబడి అదే 2146. చదువురాని కంటికి ఇది పెద్ద ఊతం. అంకెల్ని విడిగా చదవక్కర్లేదు, ఆ నాలుగంకెల రూపాన్ని మనిషి మొహంలా గుర్తుపడతాడు.

వేపచెట్టు

జూలై ఒకటిన రాకపోతే కంగారెందుకండీ? మా ఊళ్లో సచివాలయం వాళ్లు ఒకటో తారీకు పొద్దున్నే ఇంటికొచ్చి చేతికే ఇచ్చి పోతారు. 4,000 ఇస్తుంటే మీ కథలో 2,146 అని రాశారేంటి? ఆ లెక్క మార్చండి. ఆ రోజు ఊళ్లో లేకపోతే తర్వాతి నెలలో కలిపి తీసుకోవచ్చు కూడా.

పాతపాస్‌బుక్

వేపచెట్టు గారూ, మీరు చెప్పేది ఎన్టీఆర్ భరోసా, ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛను. 2024 జూలై నుంచి వృద్ధులకు 4,000. అది వేరే దారి, చేతికి నగదు. ఇక్కడ మిల్లు కార్మికుడు ఉద్యోగంలో ఉండగా కట్టిన పీఎఫ్‌లోంచి వచ్చే పింఛను. అది ఖాతాలో పడుతుంది. దీంట్లో కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి వెయ్యి రూపాయలు. 2,146 నమ్మదగిన మొత్తమే.

గుంటూరు మిర్చి

నెల ఆగిపోవడానికి కారణం ఒక్కటే ఉంటుంది, బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్. నవంబర్లో ఇవ్వకపోతే డిసెంబరు నుంచి ఆపేస్తారు. కాబట్టి కథలో జూన్ తీసేసి డిసెంబరు పెట్టండి. జూన్‌లో ఆగే అవకాశమే లేదు.

మీసేవ రాజు

సగం కరెక్టు మిర్చి గారూ. నవంబరు లెక్క కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులది. ఈపీఎస్‌లో కూడా ఒకప్పుడు అంతే. ఇప్పుడు అలా కాదు, ఏడాదిలో ఏ రోజైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాదిపాటు చెల్లుతుంది. నిరుడు మే 20న వేలిముద్ర వేసినవాడికి ఈ ఏడాది మే 20 చుట్టూ మళ్లీ గడువు. అందుకే మా కౌంటరుకు ఈపీఎస్ వాళ్లు ఏడాది పొడుగునా వస్తారు, కేంద్ర ప్రభుత్వం వాళ్లు నవంబర్లో తోసుకుంటూ వస్తారు. జూన్ బాగానే సరిపోతుంది, మార్చకండి.

దీన్లో ఒక ఇబ్బంది ఉంది. ఒకే వీధిలో ఈయనకు ఈపీఎస్, పక్కింటాయనకు కేంద్ర ప్రభుత్వ పింఛను అనుకోండి. "నవంబర్లో అందరితోపాటు ఇద్దాంలే" అని కూర్చుంటాడు. ఈయనది అప్పటికే ఆరు నెలల కింద ఆగిపోయి ఉంటుంది.

మల్లెతీగ

బాగుంది. అయితే కొడుకు సర్టిఫికెట్ ఇవ్వడం మర్చిపోయాడు, అందుకే ఆగింది. ఇలా పెట్టుకోవచ్చా? కాకపోతే కొడుకు నిర్లక్ష్యం, తండ్రి బాధ అన్న పాత దారిలోకి పోతుందేమోనని భయం.

మీసేవ రాజు

మర్చిపోవక్కర్లేదు. నిజంగా ఎక్కువ జరిగేది ఇంకోటి. కొడుకు గడువుకు ముందే, మే 12న, ఇంట్లోనే ఫోనులో ముఖం చూపించి చేసేశాడనుకోండి. ముందు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ దించుకోవాలి, తర్వాత జీవన్ ప్రమాణ్ యాప్. మొదట కొడుకు ఆపరేటరుగా తన ఆధార్, ఫోను నంబరు, ఈమెయిలు ఇచ్చి ఓటీపీలు కొట్టి తన ముఖం చూపించాలి. ఇది ఒక్కసారికే. తర్వాత తండ్రి వివరాలు: ఆధార్, పేరు, ఫోను నంబరు, పింఛను ఎవరు మంజూరు చేశారు, ఎవరు ఇస్తున్నారు, పింఛను మంజూరు కాగితం మీదుండే పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు. చివర్లో తండ్రి ముఖం. కళ్లు ఆర్పమంటుంది. పెద్దవాళ్లకు ఇక్కడే పది నిమిషాలు పోతాయి, వెలుతురు మొహం మీద పడకపోతే తీసుకోదు. అయిపోగానే ప్రమాణ్ ఐడీ అని ఒక నంబరు వస్తుంది, ఫోనుకు మెసేజీ కూడా వస్తుంది. ఇంట్లోవాళ్లంతా "అయిపోయింది" అనుకుంటారు.

అయిపోలేదు. ఆ ఐడీ అర్థం ముఖం ఆధార్‌తో సరిపోయిందని, సర్టిఫికెట్ తయారైందని మాత్రమే. అది పింఛను ఆఫీసుకు వెళ్లాక అక్కడ పీపీఓ నంబరు, ఖాతా సరిపోల్చుకుంటారు. పీపీఓలో ఒక సున్నా తక్కువ కొట్టినా, సున్నా బదులు ఇంగ్లీషు 'O' అక్షరం కొట్టినా, ఇచ్చే సంస్థ పేరు తప్పు ఎంచుకున్నా అక్కడ తిరస్కరిస్తారు. యాప్ మాత్రం తప్పు నంబరు కొట్టినా నోరెత్తదు, ఐడీ ఇచ్చేస్తుంది. ఈపీఎఫ్ పీపీఓ నంబర్లలో మొదట అక్షరాలు, ఆ తర్వాత వరసగా సున్నాలు ఉంటాయి. ఎన్ని సున్నాలో లెక్కపెట్టేటప్పుడు చాలామంది తడబడతారు.

మీ కథలో కొడుకు అబద్ధం ఆడక్కర్లేదు, మర్చిపోనక్కర్లేదు. "మేం ఇచ్చాం, ఐడీ కూడా ఉంది" అని నిజంగానే నమ్ముతాడు.

మల్లెతీగ

రాజు గారూ, ఇది నాకు తోచేది కాదు. తండ్రికి, కొడుక్కి మధ్య గొడవకు ఇదే కావాలి. ఇద్దరి దగ్గరా ఒక్కో మెసేజీ ఉంటుంది. కొడుకు దగ్గర ఐడీ మెసేజీ, తండ్రి దగ్గర రాని మెసేజీ.

అక్షరం ఒకటి

రాని మెసేజీని ఎవరు చూడగలరు? అక్కడే కథ బలహీనం. వయోజన విద్య తరగతుల్లో పెద్దవాళ్లకు ఫోను నేర్పేటప్పుడు తెలిసేదేంటంటే, వాళ్లు ఉన్నదాన్ని బట్టి గుర్తుపడతారు. లేనిదాన్ని పట్టుకోవాలంటే ముందు ఒక వరస మనసులో కూర్చోవాలి. మీ ముసలాయనకు ఆ వరస ఎలా ఏర్పడిందో చూపించాలి. గోడ మీది క్యాలెండర్లో పింఛను పడిన రోజుకు చుట్టూ సున్నా చుడతాడనుకోండి, అప్పుడు చుట్టని నెల కంటికి కనిపిస్తుంది.

నేర్పడం గురించి కూడా ఒక మాట. మనవరాలు ఏబీసీడీలు మొదలుపెడితే ఆయన మూడో రోజుకి మానేస్తాడు. అక్కర్లేదు. ఆయనకు కావలసినవి రెండు మాటలు, క్రెడిటెడ్, డెబిటెడ్. చిక్కేంటంటే రెండూ చూపుకు కవల పిల్లల్లా ఉంటాయి, తోకలు ఒకటే:

```
credited
debited
```

తోక వదిలేసి తల చూడమనాలి. మొదటి అక్షరం నోరు తెరిచి ఉంటే డబ్బు లోపలికొచ్చింది. కర్రకు పొట్ట కట్టినట్టుంటే బయటికెళ్లింది. ఇంతే పాఠం.

రెండో పాఠం చుక్క. 2146.00 లో చుక్క తర్వాతి రెండు సున్నాలు పైసలు. చుక్క కనబడని కంటికి అది రెండు లక్షల పద్నాలుగు వేల ఆరువందలు అవుతుంది. కీప్యాడ్ ఫోను చిన్న తెర మీద ఆ చుక్క నిజంగానే కనబడదు. ఇది నవ్వులాటగా ఒక వాక్యంలో వాడుకోవచ్చు.

డల్లాస్ బాబాయి

మధ్యలో అడ్డొస్తున్నాను. నాన్న తెనాలిలో, ఆయన ఖాతాకు నా అమెరికా నంబరు ఇచ్చి ఉంది. ఓటీపీలు నాకొస్తాయి, ఆయనకు ఏ మెసేజీ రాదు. ఇప్పుడు ఆయన ఫోనుకు కూడా క్రెడిట్ మెసేజీలు వచ్చేలా చేయొచ్చా? కథకు సంబంధం లేదనుకోండి, ఇక్కడ తెలిసినవాళ్లున్నారు కదా అని అడిగాను.

పాతపాస్‌బుక్

సంబంధం ఉంది, ఇది కథలో చూసుకోవాల్సిన విషయమే. మామూలుగా ఖాతాకు ఒక నంబరే ఉంటుంది, మెసేజీ దానికే పోతుంది. వీరయ్య ఫోను మోగాలంటే ఖాతాలో ఆయన నంబరే ఉండాలి. మీ నాన్నగారికి కావాలంటే ఆయన్నే బ్రాంచికి వెళ్లి నంబరు మార్పించుకోమనండి. అప్పుడు ఓటీపీలు కూడా ఆయనకే వెళ్తాయి, దానికి మీరు సిద్ధపడాలి. రెండు నంబర్లకు పంపే వీలు మీ బ్యాంకులో ఉందో లేదో అక్కడే అడగండి.

మల్లెతీగ గారికి ఇంకొక హెచ్చరిక. మెసేజీ రాలేదంటే డబ్బు రాలేదని కాదు. కీప్యాడ్ ఫోనులో మెసేజీల పెట్టె నిండిపోతే కొత్తవి దిగవు. కంపెనీ దగ్గర కొంతసేపు కాచుకుని ఆ తర్వాత పోతాయి. చిన్న మొత్తాలకు మెసేజీ మానేసిన బ్యాంకులున్నాయి. కాబట్టి మీ కొడుకు పాత్ర మొదట అనే మాట "మెసేజీ రాలేదేమో నాన్నా, డబ్బు పడే ఉంటుంది" అని ఉండాలి. అది న్యాయమైన మాటే. తేల్చుకోవడానికి దారి పాస్‌బుక్ ముద్ర వేయించడం, లేదా ఏటీఎంలో మినీ స్టేట్‌మెంట్ తీయడం. చివరి కొద్ది లావాదేవీలు కాగితం మీద వస్తాయి. అంతకంటే సులువు, తర్వాతి మెసేజీలో చివర ఉండే నిల్వ చూడటం. పింఛను పడి మెసేజీ మాత్రం రాకపోయి ఉంటే ఆ నిల్వ 2,146 ఎక్కువ కనబడాలి.

గుంటూరు మిర్చి

నవంబరు విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ "జూన్ నెలది జూలై ఒకటిన" అన్నది కూడా తప్పే కదా? ఈపీఎస్ నెలాఖరు పనిదినానికే పడిపోతుంది.

పాతపాస్‌బుక్

ఇది మాత్రం పూర్తిగా కరెక్టు. 2022 మొదట్లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం నెల చివరి పనిదినానికల్లా ఖాతాలో పడాలి. మే పింఛను మే 30న, శుక్రవారం. జూన్‌ది జూన్ 30న, సోమవారం. ఒక్క మార్చిది మాత్రం ఏప్రిల్ ఒకటిన గానీ ఆ తర్వాత గానీ వేస్తారు. ఆర్థిక సంవత్సరం దాటించడానికి.

దీనివల్ల ఏటా ఒక దొంగ లోటు కనబడుతుంది. మార్చి 31న ఏమీ పడదు. ఏప్రిల్లో రెండుసార్లు పడుతుంది, మొదట్లో ఒకటి, 30న ఒకటి. అక్షరం గారు చెప్పిన క్యాలెండర్ పెడితే మార్చి కాగితం మీద సున్నా ఉండదు, ఏప్రిల్ మీద రెండుంటాయి. మార్చిలో వీరయ్య ఒకసారి కంగారుపడి, మర్నాడు డబ్బు పడేసరికి కొడుకు చేత "చూశావా, ఊరికే గొడవ చేశావు" అనిపించుకుని ఉండాలి. అప్పుడు జూన్‌లో ఆయన మాట ఎవరూ వినరు. "మార్చిలో లాగే రేపు పడుతుందిలే" అంటారు.

అక్షరం ఒకటి

అబ్బ, ఇది బాగుంది.

పాతపాస్‌బుక్

ఇంకా ఉంది. జూన్ 30 మూడు నెలల వడ్డీ పడే సమయం కూడా. సేవింగ్స్ ఖాతాకు వడ్డీ మూడు నెలలకోసారి జమ చేస్తారు. బ్యాంకును బట్టి రోజు కాస్త అటూ ఇటూ. ఖాతాలో సగటున మూడు వేలు ఉంటే, ఏడాదికి రెండుముప్పావు శాతం చొప్పున మూడు నెలలకు ఇరవై ఒక్క రూపాయి వస్తుంది. అంటే జూన్ 30న ఫోను మోగుతుంది! మెసేజీ వస్తుంది! అందులో నోరు తెరిచిన అక్షరమే ఉంటుంది:

```
A/c XX4417 credited Rs.21.00 on 30-06-25. Avl Bal Rs.3141.00
```

కొడుకు ఆఫీసు హడావుడిలో ఫోను చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని, నాన్న ఫోను ఒక చూపు చూసి, తేదీ, క్రెడిటెడ్ రెండూ చూసుకుని "పడింది నాన్నా" అనేస్తాడు. చదువు వచ్చిన కన్ను మాట చదువుతుంది. 2146 మొహం తెలిసిన కన్ను అంకె వెతుకుతుంది. ఆ మొహం లేదు. 21 తర్వాత 46 ఉండాల్సిన చోట చుక్క ఉంది.

నిల్వ కూడా సరిపోవాలని వేశాను. మే చివర 5,120. నెలలో ఆయన రెండు వేలు తీసుకున్నాడు, 3,120. వడ్డీ 21 కలిస్తే 3,141. పింఛను పడి ఉంటే 5,287 కనబడాలి. లెక్కలు చూసే పాఠకుడు ఒకడైనా ఉంటాడు.

మల్లెతీగ

పాస్‌బుక్ గారూ, రాసింది మీరో నేనో తెలియకుండా పోయేలా ఉంది! మెసేజీ రాకపోవడం కాదు, తప్పు మెసేజీ రావడం. మొత్తం తిరగరాస్తాను. ఆ తర్వాత ఏం చేస్తారు? ఎన్నాళ్లకు తేలుతుంది?

మీసేవ రాజు

ముందు ఆగిందో లేదో చూడాలి. బ్యాంకుకు పోతే "మాకేం రాలేదు" అంటారు, అది నిజమే. 2025 జనవరి నుంచి ఈపీఎస్ పింఛను దేశమంతా ఒకే కేంద్ర వ్యవస్థ నుంచి పోతోంది, ఏ బ్యాంకు ఏ బ్రాంచి అయినా. పింఛను ఆగింది ఎందుకో బ్రాంచి వాళ్లకు తెలియదు. ఈపీఎఫ్‌ఓ పెన్షనర్ల పోర్టల్లో పీపీఓ నంబరుతో జీవన్ ప్రమాణ్ వివరం, చెల్లింపుల వివరం చూడొచ్చు. అక్కడ పాత తేదీయే కనబడితే కొత్త సర్టిఫికెట్ చేరలేదని అర్థం.

తర్వాత పీపీఓ అసలు కాగితం బయటికి తీసి, ఒక్కో సున్నా మీద పెన్సిల్ ఆనించి లెక్కపెట్టి మళ్లీ చేయాలి. ఈ సీను తండ్రి చేతే చేయించండి. అంకెలు ఒక్కొక్కటిగా చూడటం ఇప్పుడు ఇంట్లో అందరికంటే ఆయనకే బాగా వచ్చు. కొడుకు ఒక్క చూపుకే అంతా చదివేస్తాడు, వరసగా ఉన్న సున్నాలు ఎన్నో వాడి కన్ను లెక్కపెట్టదు.

జూలై 14న మళ్లీ ఇచ్చారనుకుందాం. నెల మధ్యలో ఇస్తే ఆ నెల బిల్లులో కలుస్తుంది. ఇరవై దాటాక ఇస్తే మరుసటి నెలకు పోవచ్చు, అందుకే తేదీ జాగ్రత్తగా పెట్టండి. ఆగిన నెల డబ్బు పోదు. జూలై 31న జూన్, జూలై కలిపి పడుతుంది, 4,292.

ఆలస్యమైతే పీఎఫ్ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైటు ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. నెలకోసారి 27న జిల్లాల్లో నిధి ఆప్‌కే నికట్ అని క్యాంపు కూడా పెడతారు. చిలకలూరిపేట వాళ్లకు గుంటూరు ఆఫీసు. కథలో ఇవన్నీ అక్కర్లేదు.

గుంటూరు మిర్చి

ఒక అనుమానం. పాత సర్టిఫికెట్ మే 20తో అయిపోతే మే 30న మే పింఛను మాత్రం ఎందుకు పడింది? మే కూడా ఆగాలి కదా.

మీసేవ రాజు

మా దగ్గరికి వచ్చే కేసుల్లో గడువు తీరిన మర్నెల నుంచి ఆగినవే ఎక్కువ. అదే నెల ఆగిందని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. బిల్లు ఎప్పుడు తయారైందన్న దాని మీద ఉంటుందేమో. కథకు అడ్డు రాదనుకుంటా.

గుంటూరు మిర్చి

రెండు నెలలు ఆగితే కథకు ఇంకా బలం కదా.

అక్షరం ఒకటి

బలం కాదు, నీరుగారిపోతుంది. మే 30న 2146 పడి ఉంటేనే జూన్ 30న 21 తేడా కొడుతుంది. మే కూడా పోతే ఆయనే కాదు, ఇంట్లో అందరూ కనిపెడతారు.

వేపచెట్టు

ఈ మధ్య "మీ పింఛను ఆగిపోతుంది, ఈ లింకు నొక్కండి" అని మెసేజీలు వస్తున్నాయి. అది కూడా పెట్టండి కథలో. ముసలాళ్లు మోసపోతున్నారు.

అక్షరం ఒకటి

వేపచెట్టు గారూ, అది పెడితే ఇది మోసం గురించిన కథ అయిపోతుంది. ఒక చిన్న మాటగా వాడుకోవచ్చు. మనవరాలు మొదటిరోజే "పైన పది అంకెల ఫోను నంబరు ఉంటే అది బ్యాంకు కాదు తాతయ్యా, పేరులాంటి అక్షరాలు ఉంటేనే చూడు" అని చెప్పి ఉంటుంది. అక్కడితో వదిలేయాలి.

మల్లెతీగ

తిరగరాసిన ముక్క ఇది. నరకండి.

"వీరయ్య ఫోనును కళ్లకు దూరంగా పట్టుకుని, మళ్లీ దగ్గరకు తెచ్చాడు. నోరు తెరిచిన అక్షరం ఉంది. తారీకు ముప్పై. గోడ మీద క్యాలెండర్ దగ్గరకు వెళ్లాడు కానీ సున్నా చుట్టలేదు.

'పడింది కదా నాన్నా, నేను చూశాను' అన్నాడు కొడుకు బూటు లేసు కట్టుకుంటూ.

'పడిందిరా. ఇది నాది కాదు.'

'నీ ఖాతాలో పడింది నీది కాకపోతే ఎవరిది?'

'నాది రెండు, ఒకటి, నాలుగు, ఆరు. దీన్లో రెండూ ఒకటీ ఉన్నాయి. ఆ తర్వాత చుక్క ఉంది.'

'మార్చిలోనూ ఇట్టాగే అన్నావు. రేపు పడుతుందిలే.'

'మార్చిలో పడలేదని అన్నాను. ఇప్పుడు తక్కువ పడిందని అంటున్నా.'

కొడుకు లేసు వదిలి ఫోను అందుకున్నాడు."

పాతపాస్‌బుక్

"తక్కువ పడింది" అన్నమాట పొరపాటే, వడ్డీ వేరు, పింఛను వేరు. కానీ ఆయన అలాగే అనుకుంటాడు. ఉంచేయండి. మార్చి 31న కూడా వడ్డీ పడి ఉండొచ్చు, అప్పుడు ఈ చివరి మాట నిలవదు. ఆ బ్యాంకులో మార్చి వడ్డీ వేరే రోజు పడిందని మీరు మనసులో అనుకోండి, లేదంటే మార్చిలో ఆయనకు ఇంకా చుక్క పాఠం రాలేదనండి.

అక్షరం ఒకటి

రెండోదే. మార్చికి మనవరాలు తల పాఠం మాత్రమే చెప్పింది. చుక్క పాఠం వేసవి సెలవుల్లో. "మార్చిలో పడలేదని అన్నాను" తీసేసి, "మార్చిలో నాకు చుక్క తెలీదు" అని పెట్టండి.

మల్లెతీగ

పెట్టేశాను. చివర జూలై 31న 4292 వస్తుంది కదా. ఆయన ఆ అంకెను గుర్తుపట్టడు. ఆయనకు తెలిసిన మొహం కాదది. "ఇదీ నాది కాదు" అంటాడు. అక్కడ ఆపేద్దామనుకుంటున్నాను.

గుంటూరు మిర్చి

అదేంటండీ, డబ్బు వచ్చిందని తెలిసి సంతోషపడొద్దా?

మీసేవ రాజు

మిల్లులో కూలి లెక్క వేసుకున్న మనిషి. రెండు 2146లు కలిపితే 4292 అని ఆయనకు కాగితం లేకుండా వస్తుంది. మీరు చెప్పినట్టు "నాది కాదు" అనడు.

మల్లెతీగ

అది నిజమే. ఇంకో రాత్రి పడుకుని ఆలోచిస్తాను.

డల్లాస్ బాబాయి

నంబరు మార్పించడానికి నాన్న సోమవారం బ్రాంచికి వెళ్తున్నారు. ఆధార్ కాపీ చాలా, పాన్ కూడా పట్టుకెళ్లమనాలా?

పాతపాస్‌బుక్

రెండూ అసలువి, పాస్‌బుక్, కొత్త సిమ్ వేసిన ఫోను. ఫోను మర్చిపోవద్దని చెప్పండి, ఓటీపీ అక్కడే అడుగుతారు.